ఊదా పోగు లేని ఊదా చీర: రంగుల వివరణ ప్రాజెక్టు డైరీ

సోమవారం

ఆన్‌లైన్‌లో అమ్మే చేనేత చీరలకూ కొన్ని లక్క బొమ్మలకూ ఫోటో కింద పెట్టే రంగు వివరణ రాయడం ఈ ప్రాజెక్టు పని. ఇప్పటిదాకా అక్కడ రెండే ముక్కలు ఉన్నాయి. ఒకటి రంగు పేరు. రెండోది "లైటింగ్ వల్ల, స్క్రీన్ వల్ల రంగులో స్వల్ప తేడా ఉండవచ్చు" అనే వాక్యం. ఆ వాక్యంలో అబద్ధం లేదు. కానీ దాన్ని చదివి కొనేవాళ్లకు కొత్తగా తెలిసేది కూడా లేదు. తేడా నీలం వైపా, ఎరుపు వైపా? చేతికొచ్చేది ఇంకా ముదురుగా ఉంటుందా, లేతగా ఉంటుందా? ఏ వెలుగులో? ఈ సంగతులు రాస్తేనే వివరణ అవుతుంది. అందుకే తేడా ఉంటుందని చెప్పి ఊరుకోకుండా, అది ఎటు పోతుందో రాయాలని షరతు పెట్టుకున్నాను.

మొదలుపెట్టడానికి అన్నిటికన్నా ఎక్కువ తగువు తెచ్చిన పట్టుచీరను తీసుకున్నాను. దాని పేరు దగ్గర "పర్పుల్" అని ఉంది. కొన్నవాళ్లలో ఒకరు నీలం చీర పంపారని, ఇంకొకరు గులాబీ ఎక్కువైందని వాపసు చేశారు. రెండు ఫిర్యాదులూ ఒకే అద్దకంలో రంగు వేసిన దారంతో నేసిన చీరల మీదే. ఫోటో కూడా ఒకటే.

నేసినావిడ దగ్గర ఈ సంగతి ఎత్తితే ఆవిడకు ఆశ్చర్యమేమీ కలగలేదు. "మీరు ఊదా అని రాస్తున్నారు గానీ, ఇందులో ఊదా పోగు ఒక్కటీ లేదండీ. పడుగు నీలం, పేక రాణి పింక్. రెండూ కలిసి మీ కంటికి ఊదాలా కనబడుతుంది" అన్నారు. మగ్గం పక్కన ఉన్న కండె తీసి చూపించారు. నిజంగానే నిండు రాణి పింక్.

మనం రాయాల్సిన మొదటి వాక్యం ఆవిడ నోట్లోనే ఉంది. నిలువు దారమైన పడుగు ఏ రంగు, అడ్డంగా నేసే పేక ఏ రంగు అన్నది వెలుగును బట్టి మారదు, తెరను బట్టీ మారదు. కొన్నవాళ్లు కొంగు చివర కుచ్చుల దగ్గర ఒక పోగు లాగి చూసుకోవచ్చు కూడా. మిగతాదంతా ఈ రెండు దారాలు ఎప్పుడెప్పుడు ఎలా కనిపిస్తాయన్న లెక్కే.

మంగళవారం

ఫోటోకీ వస్తువుకీ తేడా వచ్చినప్పుడు కారణం బట్టలో ఉందా, వెలుగులో ఉందా, తెరలో ఉందా అన్నది ముందు విడదీయాలి. మూడింటినీ కలిపి "లైటింగ్" అనేస్తే దేనికీ మందు దొరకదు. ఒక్కోదానికీ ఒక్కో పరీక్ష పెట్టుకున్నాను.

మొదటిది తిప్పి చూడటం. చీరను కిటికీ పక్కన బల్ల మీద పరచి, వెలుగు పక్క నుంచి పడేలా చూసి, ఫోన్‌ను స్టాండుకు బిగించి పైనుంచి ఒక ఫోటో. తర్వాత వెలుగునూ ఫోన్‌నూ కదపకుండా, చీరను మాత్రమే పావు వంతు తిప్పి ఇంకో ఫోటో. మొదటి దానిలో బట్ట నీలం వైపు ఒరిగింది, రెండోదానిలో గులాబీ వైపు. వెలుగు అదే, కెమెరా అదే, సెట్టింగులు అవే. అంటే తేడా బట్టలోనే ఉంది.

దీనికి కారణం దారం ఆకారం. పట్టుపోగు నున్నగా, గుండ్రంగా ఉంటుంది. పక్క నుంచి వెలుగు వస్తుంటే, ఆ వెలుగు దారికి అడ్డంగా పడుకున్న పోగులు కాంతిని పైకి, మన కంటి వైపు తిప్పుతాయి. వెలుగు దారి వెంటే పడుకున్న పోగులు దాన్ని ముందుకు జారవిడుస్తాయి. కాబట్టి ఒక వైపు నుంచి చూస్తే పడుగు మెరుస్తుంది, ఇంకో వైపు నుంచి చూస్తే పేక మెరుస్తుంది. కట్టుకున్నాక కుచ్చిళ్ల మడతల్లో ఒక రంగు, భుజం మీద ఒక రంగు కనబడేది ఇందుకే. చీర అందమే అది. కానీ చదునుగా పరిచి తీసిన ఒకే ఒక్క ఫోటో ఆ రెండిటిలో ఒకదాన్ని మాత్రమే చూపించి, రెండోదాన్ని దాచేస్తుంది.

అందుకే ఇలాంటి డబుల్ షేడ్ చీరలకు ఇకమీదట రెండు ఫోటోలు తప్పనిసరి చేశాను. వెలుగు అదే ఉంచి, బట్టను తిప్పి తీసినవి. రెండూ పక్కపక్కనే పెట్టాలి. అందంగా వచ్చినదాన్ని ముందు పెట్టి రెండోదాన్ని చివరికి తోసేస్తే పాత సమస్యే మళ్లీ వస్తుంది.

మెరుపు తగ్గించడానికి లైటుకూ లెన్సుకూ పోలరైజింగ్ ఫిల్టర్లు వాడమని ఒక ఫోటోగ్రాఫర్ మిత్రుడు సలహా ఇచ్చాడు. చేసి చూశాను. బట్ట మీది తెల్లటి జిగి పోయి రంగు చిక్కగా వచ్చింది, దారం దారం కనిపించింది. కానీ పట్టు పట్టులా లేదు, మందపాటి నూలు బట్టలా ఉంది. లక్క బొమ్మ మీద పడ్డ కిటికీ ప్రతిబింబం పోగొట్టడానికి ఆ పద్ధతి మంచిదే. పట్టుచీరకు మాత్రం వద్దనుకున్నాను. మెరుపు కూడా ఆ రంగులో భాగమే, దాన్ని తీసేసి చూపించడం కూడా తప్పు చెప్పడమే.

గురువారం

రెండో పరీక్ష వెలుగు మార్చి చూడటం. దానికి ముందు కెమెరా సొంత తెలివిని కాస్త ఆపాలి.

ఫోన్ కెమెరా రెండు పనులు మనల్ని అడక్కుండా చేస్తుంది. ఒకటి, ఫ్రేము మొత్తం ఒకే రంగు బట్టతో నిండిపోతే, గదిలో వెలుగే ఆ రంగుదని అనుకుని దాన్ని తగ్గిస్తుంది. ఊదా చీరను దగ్గరగా తీస్తే బూడిద ఛాయ రావడం ఇందువల్లే. రెండోది, ముదురు బట్ట కనబడితే ఫోటో చీకటిగా ఉందని అనుకుని వెలుతురు పెంచుతుంది. తెల్లబట్ట కనబడితే తగ్గిస్తుంది. అందుకే ఫోటోల్లో ముదురు రంగులన్నీ కాస్త లేతగా, తెల్లవన్నీ కాస్త మాసినట్టు కనిపిస్తాయి. "ఫోటోలో కన్నా చేతికి వచ్చాక ముదురుగా ఉంది" అనే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఈ రెండో పనే ఉంటుందని ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

దీనికి విరుగుడు గ్రే కార్డు. ఫోటోగ్రాఫర్లు వాడే బూడిదరంగు అట్ట, మీద పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పి పంపేది. దాన్ని బట్ట పక్కనే, అదే వెలుగులో పెట్టి, ఫోన్‌లోని ప్రో మోడ్‌లో రా ఫైలుగా తీస్తున్నాను. తర్వాత ఎడిటింగ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ను ఆ కార్డు మీద పెట్టి, కార్డు విలువ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలోనూ సుమారు 118 దగ్గరకు వచ్చేలా వెలుతురు సరిచేస్తే చాలు. తెరలకు మామూలుగా వాడే రంగుల ప్రమాణం sRGB. ఆ ఫైలులో 18 శాతం బూడిదకు రావాల్సిన విలువ అదే. ఆ తర్వాత బట్ట రంగును నేను ముట్టుకోను. చీర కంటికి ఇంకా బాగుండాలని స్లైడర్ జరపడం మొదలుపెడితే కార్డు పెట్టి ప్రయోజనం లేదు.

గ్రే కార్డు లేనివాళ్లు మామూలు ప్రింటర్ కాగితం వాడుతుంటారు. అది పనికిరాదు. తెల్లగా మెరవడానికి ఆ కాగితంలో కలిపే పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలను నీలంగా మార్చి వదులుతుంది. దాన్ని తెలుపు అని నమ్మి సరిచేస్తే ఫోటో మొత్తం పసుపు వైపు పోతుంది.

కిటికీ వెలుగులో, నేరుగా ఎండ పడనిచోట, గదిలోని లైట్లన్నీ ఆర్పేసి తీసిన ఫోటోలో చీర మధ్యభాగం రంగు కోడ్ #5B3A78 అని వచ్చింది. ఈ కోడ్‌లో రెండేసి అక్షరాలు వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు. కంటికి కనిపించే ఊదాకు దగ్గరగానే ఉంది. అదే చోట, అదే నిమిషంలో ఫోన్ తనంతట తాను తీసిన ఫోటోలో #3F3F8A. మొదటిదానిలో ఎరుపు ఆకుపచ్చను బాగా మించి ఉంది. రెండోదానిలో రెండూ సమానమై మిగిలింది నీలం మాత్రమే. గులాబీ ఎక్కువైందన్నవాళ్ల ఫిర్యాదుకు కారణం ఇక్కడ దొరికింది. పెట్టిన పాత ఫోటోయే నీలం వైపు ఉంది, ఆ ఫోటోను చూసి ఆశించినవాళ్లకు చేతికొచ్చిన చీరలో గులాబీ ఎక్కువైనట్టు అనిపించింది.

రాణి పింక్ పేకతో ఒక ఇబ్బంది మిగిలింది. అంచు దగ్గర పేక మెరిసిన చోట ఎరుపు విలువ గరిష్ఠమైన 255కు చేరి ఆగిపోయింది. అక్కడ నేత కనబడదు, ఒకే చదునైన గులాబీ మచ్చలా ఉంటుంది. ఫోటో తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గిస్తే నేత తిరిగి వచ్చింది. కానీ చీర మీది గులాబీ అంత గాఢమైనది sRGB పరిధిలో ఇమడదు. దాన్ని ఫోటోతో సాధించలేం కాబట్టి "ఎండలో పేక గులాబీ ఫోటోలో కన్నా గట్టిగా కొడుతుంది" అని మాటల్లో రాయాలని పక్కన పెట్టుకున్నాను.

శుక్రవారం

ఇవాళ లైట్లు మార్చి చూశాను, కెమెరా లేకుండా కంటితోనే. బల్బులన్నీ ఒకటి కావు. 6500 కెల్విన్ అని రాసి ఉన్న తెల్లటి ఎల్‌ఈడీ కింద చీర నీలం వైపు, చల్లగా. ఫంక్షన్ హాళ్లలో ఉండే పసుపు లైటు, 2700 కెల్విన్ దాని కింద నీలం పడుగు దాదాపు నల్లబడి, గులాబీ పేక పైకి వచ్చింది. మొత్తం మీద వైన్ రంగుకు దగ్గరగా ఉంది. పసుపు లైటులో నీలం భాగం తక్కువ కాబట్టి నీలం దారానికి తిప్పి పంపడానికి పెద్దగా ఏమీ దొరకదు.

పట్టుచీర ఎక్కువగా కట్టుకునేది సాయంత్రం శుభకార్యాలకే. అక్కడ అది వైన్ రంగులో కనబడుతుందని ముందే చెప్పకపోతే, పగలు చూసి మ్యాచింగ్ కొనుక్కున్నవాళ్లు ఇబ్బంది పడతారు.

మ్యాచింగ్ మాట వచ్చింది కాబట్టి ఇదీ రాసి పెట్టుకోవాలి. ఇంకో నూలు చీరకు మెరూన్ అంచు, మెరూన్ బ్లౌజ్ ముక్క ఉన్నాయి. కిటికీ దగ్గర రెండూ కవలల్లా ఉన్నాయి. పసుపు లైటు కింద పెట్టగానే బ్లౌజ్ ముక్క గోధుమ వైపు పోయింది, అంచు ఎర్రగానే ఉంది. చీరను తిప్పితే ఈ తేడా మారలేదు కాబట్టి నేత సంగతి కాదు. రెండు వేర్వేరు రంగుల మిశ్రమాలతో ఒకే మెరూన్ తెచ్చారు. ఒక వెలుగులో కలిసిన రెండు మిశ్రమాలు ఇంకో వెలుగులో విడిపోతాయి, దీన్నే మెటామెరిజం అంటారు. ఒక్క ఫోటోతో ఇది బయటపడటం కష్టం, ఎందుకంటే ఫోటో తీసేది ఒక్క వెలుగులోనే. అద్దకం వేసినాయన్ని అడిగితే అంచు దారానికి ఒకసారి, బ్లౌజ్ దారానికి ఇంకోసారి రంగు కలిపి వేశామని చెప్పారు. ఆ చీరకు "పగలు అంచు, బ్లౌజ్ ఒకే మెరూన్. పసుపు లైటులో బ్లౌజ్ కాస్త గోధుమ ఛాయకు మారుతుంది" అని రాశాను. ఇలా రాస్తే చీర అమ్ముడుపోదేమోనని మాతో పనిచేసేవాళ్లలో ఒకరికి టెన్షన్. రాయకపోతే అది వాపసు వస్తుంది, వచ్చేలోగా మడతలు పడి కొత్తదనం పోతుంది. నాకు రాయడమే సరైనదనిపించింది, అలాగే ఉంచాం.

శనివారం

మూడో పరీక్ష తెర మార్చి చూడటం. సరిచేసిన ఒకే ఫైలును ఇంట్లో ఉన్న ఫోన్లలో, లాప్‌టాప్‌లో పక్కపక్కన తెరిచాం. ఒక ఫోన్‌లో డిస్‌ప్లే "వివిడ్" మోడ్‌లో ఉంది, అందులో గులాబీ కళ్లు చెదిరేలా ఉంది. అదే ఫోన్‌ను "న్యాచురల్" మోడ్‌కు మారిస్తే చీరకు చాలా దగ్గరకు వచ్చింది. ఇంకో ఫోన్‌లో రాత్రిపూట తెరను పసుపు చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉండి, నీలమంతా బూడిదైపోయింది. చాలామంది రాత్రి పడుకునే ముందే చూసి కొంటారు, అంటే ఆ సెట్టింగ్‌తోనే కొంటారు.

తెరల విషయంలో మన చేతిలో ఉన్నది తక్కువ. ఫైలును sRGB ప్రొఫైల్‌తోనే సేవ్ చేయాలి. ఇంకో ప్రొఫైల్‌లో వదిలేస్తే దాన్ని గుర్తించలేని యాప్‌లలో రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. దానితోపాటు ఒక చిన్న ఏర్పాటు చేశాను. ప్రతి వస్తువుకీ ఒక ఫోటోలో గ్రే కార్డు అంచు కనబడేలా వదిలేస్తున్నాను, దాని కింద "ఈ పట్టీ మీ తెర మీద పసుపుగానో నీలంగానో కనిపిస్తే చీర రంగు కూడా అటే జరిగి కనిపిస్తోందని లెక్క" అని రాశాను. కన్ను తెర ఛాయకు అలవాటు పడిపోతుంది కాబట్టి ఇది పూర్తి పరిష్కారం కాదు. కానీ రాత్రి సెట్టింగ్ ఆన్‌లో ఉందని గుర్తుచేయడానికి పనికొస్తుంది.

ఆదివారం

ఇక మాటలు. రంగు పేరు ఒక్కటే సరిపోదని ఇవాళ బాగా తేలింది. కొన్ని చీరలను వరసగా పెట్టి, ఫోటోలు చూపించకుండా, రాసిన వివరణ మాత్రం చదివి వినిపించి, "ఇది ఏ చీర?" అని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. "రామా గ్రీన్" అనగానే ఒకరు నీలి ఛాయ ఉన్న పచ్చను పట్టుకున్నారు, ఇంకొకరు ముదురు ఆకుపచ్చను. "నెమలికంఠం" అంటే ఒక్కరూ తడబడలేదు, ఎందుకంటే నీలం పచ్చా కలిసి మెరిసేది ఆ వరసలో ఒక్కటే. "ముదురు" అన్న మాట దాదాపు ఎందుకూ పనికిరాలేదు. దేనికన్నా ముదురు అని చెప్పకపోతే ఎవరి ముదురు వాళ్లకుంది.

ముదురుకు బదులు పని చేసినవి ఇలాంటివి: "నల్ల జాకెట్టు పక్కన పెడితేనే ఇది నీలమని తెలుస్తుంది", "తెల్ల జాకెట్టు పక్కన నిండు ఊదాగా కనిపిస్తుంది". అలాగే ఏది కాదో చెప్పడం బాగా పని చేసింది. కొనేవాళ్లు పొరబడే అవకాశం ఉన్న పక్క రంగును పేరు పెట్టి కొట్టేస్తే, మిగిలింది ఇరుకైన చోటు.

పట్టుచీరకు ఇప్పుడు రాసింది ఇదీ:

"పడుగు నీలం, పేక రాణి పింక్. రెండూ కలిసి దూరం నుంచి ఊదాగా కనిపిస్తుంది. ఒకే రంగు ఊదా కావాలనుకునేవారికి ఇది కాదు. నేవీ బ్లూ కాదు, మెజెంటా కాదు. నడిచేటప్పుడు మడతల్లో నీలం, గులాబీ మారి మారి కనబడతాయి. పగటి వెలుగులో ఊదా, తెల్ల లైటు కింద నీలం వైపు, పసుపు లైటు కింద వైన్ రంగుకు దగ్గరగా. ఎండలో పేక గులాబీ ఫోటోలో కన్నా గాఢంగా ఉంటుంది. ఫోటోలో ఉన్నది ఇదే అద్దకంలోని వేరే చీర."

చివరి వాక్యం చేర్చమన్నది నేసినావిడే. చేత్తో వేసిన అద్దకంలో ఒక్కో విడత ఒక్కోలా వస్తుంది. మొదటి విడత ఫోటో పెట్టి తర్వాతి విడత చీర పంపితే, పైన చేసిన ఈ పనంతా వేరే చీర గురించి చేసినట్టే.

మళ్లీ సోమవారం

మిగిలినవి తెల్ల నూలు చీరలు, పసుపుతో అద్దిన దుపట్టాలు, లక్క బొమ్మలు.

తెల్ల నూలులో కోరా చీరలకు బెంగ లేదు, ఎక్కడ పెట్టినా వెన్న ఛాయే. తెల్లగా మెరిపించే పదార్థం వేసిన చీర మాత్రం ఎండలో నీలి తెలుపుగా, ఎల్‌ఈడీ కింద సాదా తెలుపుగా ఉంది. ఆ లైట్లలో అతినీలలోహితం దాదాపు ఉండదు కాబట్టి మెరుపు రాదు. రెండు రకాలకూ ఒకే "తెలుపు" అని పెట్టడం మానేశాం.

పసుపుతో అద్దిన దుపట్టాల రంగు రాయడానికి వెలుగు ఒక్కటే చాలదు. పసుపు రంగు ఎండకు వెలుస్తుంది, సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది. కాబట్టి ఇవాళ తీసిన ఫోటో ఇవాళ్టి రంగుకే సాక్ష్యం. వాటికి "నీడలో ఆరేయాలి, ఏళ్లు గడిచేకొద్దీ లేత పసుపుకు దిగుతుంది" అన్నది రంగు వివరణలోనే రాశాను, ఉతకడం గురించిన సూచనల్లో దాచలేదు. ఎలా వెలుస్తుందో చూపించడానికి ఒక ముక్కను సగం అట్టతో కప్పి కిటికీలో పెట్టాను. తేడా కనబడినప్పుడు రెండు సగాలూ కలిపి ఒక ఫోటో తీసి అక్కడే పెట్టాలి.

లక్క బొమ్మలకు పోలరైజింగ్ ఫిల్టర్‌తో ఒకటి, అది లేకుండా ఒకటి తీశాను. ఫిల్టర్‌తో తీసినదానిలో అసలు రంగు తెలుస్తుంది, లేనిదానిలో నిగనిగ తెలుస్తుంది. ఏది దేనికో ఫోటో కిందే రాసి ఉంది.

రేపటి నుంచి అద్దకం దగ్గరే ఒక పని మొదలవుతోంది. ప్రతి విడతలోనూ పడుగు, పేక దారాల్లోంచి ఒక్కో జానెడు పోగు తీసి, విడత నంబరు రాసిన అట్టకు కట్టి, వెలుగు తగలని డబ్బాలో పెడతారు. కొత్త విడత వచ్చినప్పుడు పాత పోగుతో కిటికీ దగ్గర ఒకసారి, పసుపు లైటు కింద ఒకసారి పోల్చి చూస్తాం. రెండుచోట్లా కలిస్తే పాత వివరణ ఉంటుంది. ఒక్కచోట విడిపోయినా కొత్త ఫోటో, కొత్త వివరణ.